14 రోజుల పట్టిక, ఒక 0.3010: ఎంట్రోపీ లెక్క పరీక్ష హాల్లోకి ఎలా వచ్చింది

పోయిన ఏడాది త్రీ-టూ మెషీన్ లెర్నింగ్ పేపర్లు దిద్దుతుంటే ఒక జవాబు దగ్గర నా పెన్ను ఆగింది. ఒక్కో ప్రశ్న అడుగుతూ కొమ్మలుగా విడగొట్టి జవాబు తేల్చే డెసిషన్ ట్రీ లెక్కలో ‘గాలి’ అనే కాలమ్‌కి ఇన్ఫర్మేషన్ గెయిన్ −0.285 అని వేసి, కింద రెండు గీతలు కూడా గీశాడు అబ్బాయి. ఫార్ములా తప్పు లేదు. స్టెప్పులన్నీ ఉన్నాయి. కానీ ఇన్ఫర్మేషన్ గెయిన్ అంటే ఒక కాలమ్ గురించి అడిగాక సందేహం ఎంత తగ్గిందన్న కొలత. దానికి మైనస్ రావడమనేది జరగదు. ఒక ప్రశ్న అడిగాక మనకు తెలిసింది పెరగకపోవచ్చుగానీ, సగటున తగ్గదు. మరి ఆ మైనస్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే, అసలు ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

విజయవాడ, గుంటూరు మధ్య ఏ ఇంజనీరింగ్ కాలేజీలో అడిగినా ఈ యూనిట్‌కి పిల్లలు చదివేది ఒకే పట్టిక. 14 రోజులు. ఒక్కో రోజు ఆకాశం ఎలా ఉంది, వేడి ఎంత, గాలిలో తేమ ఎంత, గాలి గట్టిగా వీచిందా అని నాలుగు కాలమ్‌లు. ఆ రోజు టెన్నిస్ ఆడారా లేదా అన్నది ఐదోది. 9 రోజులు ఆడారు, 5 రోజులు ఆడలేదు. మా దగ్గర ప్రశ్నకు మార్కులు కూడా 14 కావడంతో, వరుసకో మార్కు అని క్లాసులో ఒక జోకుంది. లెనిన్ సెంటర్లో దొరికే పాత గైడ్లు తిరగేసినా అదే పట్టిక, అవే జవాబులు: సందేహాన్ని కొలిచే ఎంట్రోపీ మొత్తం మీద 0.940, ఆకాశం గెయిన్ 0.246. పిల్లలు వీటిని ఎక్కాల్లా అప్పజెబుతారు.

ఈ పట్టికను 1986లో ఆస్ట్రేలియాకు చెందిన రాస్ క్విన్లన్ తన పరిశోధనా వ్యాసంలో వేశాడు. అందులో టెన్నిస్ లేదు. శనివారం ఉదయాల వాతావరణం, పక్కన P, N అన్న రెండు అక్షరాలు, అంతే. 1997లో టామ్ మిచెల్ రాసిన పాఠ్యపుస్తకంలో అది టెన్నిస్ ఆట అయింది, రోజులకు D1 నుంచి D14 దాకా పేర్లొచ్చాయి. మన సిలబస్‌లోకి వచ్చింది ఆ రూపమే.

ఆ 0.246 గురించి ఒక మాట. క్యాలిక్యులేటర్ మీద మధ్యలో ఎక్కడా కత్తిరించకుండా లెక్క చేస్తే వచ్చేది 0.2467, అంటే 0.247. 0.940లోంచి, ఆకాశంతో విడగొట్టాక మిగిలే సగటు ఎంట్రోపీ 0.694 తీసేస్తే మాత్రం 0.246. మధ్యలోనే మూడు స్థానాలకు కుదించిన అంకెలతో తీసివేత చేయడం వల్ల అచ్చులో 0.246 పడింది. ఏటా ఎవరో ఒకరు ‘సార్, నాకు 0.247 వచ్చింది, తప్పు కొట్టారు’ అంటూ వస్తారు. వాళ్ళే కరెక్టు. అచ్చు అంకె బట్టీపట్టినవాడికంటే వాళ్ళకే లెక్క బాగా వచ్చు.

క్విన్లన్ ఈ పద్ధతిని వాతావరణం కోసం కనిపెట్టలేదు. 1970ల చివర్లో కృత్రిమ మేధ పరిశోధకుడు డొనాల్డ్ మిచీ అతనికి ఒక చదరంగం సమస్య ఇచ్చాడు. ఒకవైపు రాజు, ఏనుగు. ఎదురుగా రాజు, గుర్రం. బోర్డు మీది అమరికను చూసి, గుర్రం ఉన్న పక్షం ఇన్ని ఎత్తుల్లో ఓడిపోతుందా లేదా అని ప్రోగ్రాం చెప్పాలి. అమరికలు బోలెడు. అంతకుముందు 1966లో ఎర్ల్ హంట్, మారిన్, స్టోన్ చేసిన సీఎల్‌ఎస్ అనే పద్ధతి ఉంది. అది కూడా చెట్టునే కట్టేది. కానీ ప్రతి కొమ్మ దగ్గరా చదరంగం ఆటగాడిలా కొన్ని అడుగులు ముందుకు ఆలోచించి, ఏ ప్రశ్న అడిగితే మొత్తం ఖర్చు తగ్గుతుందో చూసుకునేది. అలా చూడటమే పెద్ద పని. క్విన్లన్ ఆ ముందుచూపు తీసేశాడు. ఇప్పుడున్న కొమ్మలో ఏ ఒక్క ప్రశ్న అడిగితే సందేహం ఎక్కువ తగ్గుతుందో అంతే చూడమన్నాడు. అదే ఐడీ3. అందులో ‘ఐ’ అక్షరం ఇటరేటివ్ అన్న మాటకు: ముందు కొన్ని ఉదాహరణలతోనే చెట్టు కట్టి, మిగతావాటి మీద తప్పితే, తప్పినవాటిని కలుపుకుని మళ్ళీ కట్టేవాడు. ఆ సగం ఏ పరీక్షలోనూ రాదు. పేరులో మాత్రం మిగిలింది.

ముందుచూపు లేకపోవడం వల్ల ఇది కాగితం మీద చేయగలిగే లెక్క అయింది. పరీక్ష పేపర్లోకి రావడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం. సీఎల్‌ఎస్‌ను మూడు గంటల్లో చేతితో చేయమంటే ఎవరూ చేయలేరు.

ఇక ‘సందేహం’ కొలిచే గజం 1948 నాటిది. టెలిఫోన్ల కంపెనీ బెల్ ల్యాబ్స్‌లో క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలవడానికి ఈ ఫార్ములా ఇచ్చాడు:

```
H = - Σ p · log2(p)
```

ఇందులో p అంటే మొత్తంలో ఒక్కో రకం వాటా. లాగ్‌కి ఆధారం ఏది తీసుకోవాలన్నది యూనిట్ ఎంచుకోవడం లాంటిదేనని షానన్ అక్కడే రాశాడు. 2 తీసుకుంటే వచ్చేది బిట్లు. ఆ మాట గణాంకవేత్త జాన్ టూకీ సూచించాడని కూడా చెప్పాడు. 10 తీసుకుంటే దశాంశ అంకెలు వస్తాయి. ఒక దశాంశ అంకె దాదాపు మూడుంపావు బిట్ల పైచిలుకు. అంటే గజాలా మీటర్లా అన్నట్టే. ఏదైనా ఫరవాలేదు, కానీ ఒకే గుడ్డను సగం గజాల్లో, సగం మీటర్లలో కొలవకూడదు.

పరీక్ష హాల్లో జరిగేది సరిగ్గా అదే. పిల్లల దగ్గర ఎక్కువగా ఉండే కాసియో ఎంఎస్ మోడల్‌లో ఉన్న లాగ్ బటన్ 10 ఆధారానిది. ప్రతిసారీ వచ్చినదాన్ని 2కి లాగ్ అయిన 0.3010తో భాగిస్తేనే బిట్లు వస్తాయి. లెక్క మొత్తం భాగించడం మరచిపోయినా, గెయిన్లన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి చెట్టు అదే వస్తుంది. అంకెలు మాత్రం తప్పు. ఆ మైనస్ వేసిన అబ్బాయి ఇంకో పని చేశాడు. గాలి గట్టిగా వీచిన 6 రోజుల్లో 3 ఆడినవి, 3 ఆడనివి. ‘సగం సగం అయితే ఎంట్రోపీ 1’ అని వాడికి కంఠస్థం. అక్కడ 1 వేసేశాడు. మిగతావన్నీ లాగ్ బటన్ నొక్కి, భాగించకుండా వేశాడు. దాంతో మొత్తం ఎంట్రోపీ 0.283, రెండు కొమ్మల సగటు 0.568. తీసేస్తే −0.285. గుర్తుపట్టడం తేలిక: రెండే తరగతులున్న లెక్కలో ముందుగా సగం సగం వేసి బటన్ నొక్కి చూడాలి. 1 రాకుండా 0.301 వస్తే, భాగించలేదని అర్థం.

ఈ ఏడాది పట్టిక మార్చాను. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీలోకి చేయి పెట్టి, నాలుగు కాయలు తీసి, ముందు చూసేది రంగు. తర్వాత వేళ్ళ మధ్య నలిపి తేమ. అందుకని ఎనిమిది లాట్లు కల్పించి ఇచ్చాను:

| లాట్ | రంగు | తేమ | మంచి రేటు |
|---|---|---|---|
| 1 | ముదురు ఎరుపు | తక్కువ | వచ్చింది |
| 2 | ముదురు ఎరుపు | తక్కువ | వచ్చింది |
| 3 | ముదురు ఎరుపు | ఎక్కువ | వచ్చింది |
| 4 | మామూలు | తక్కువ | వచ్చింది |
| 5 | మామూలు | ఎక్కువ | రాలేదు |
| 6 | మామూలు | ఎక్కువ | రాలేదు |
| 7 | తెల్లబారింది | తక్కువ | రాలేదు |
| 8 | తెల్లబారింది | ఎక్కువ | రాలేదు |

నాలుగు వచ్చినవి, నాలుగు రానివి. మొదటి ఎంట్రోపీ 1. తేమతో విడగొడితే తక్కువ వైపు నాలుగింటిలో మూడు వచ్చాయి, ఎక్కువ వైపు ఒకటే వచ్చింది. రెండు కొమ్మలదీ 0.811. సగటు కూడా అదే కాబట్టి గెయిన్ 0.189.

రంగుతో విడగొడితే ముదురు ఎరుపు మూడూ వచ్చాయి, తెల్లబారిన రెండూ రాలేదు. ఈ రెండు కొమ్మల్లో సందేహమే లేదు, ఎంట్రోపీ 0. (ఇక్కడ సున్నాకి లాగ్ నొక్కితే క్యాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది. టెన్షన్ పడొద్దు, ఆ పదాన్ని సున్నాగా తీసుకోవాలి.) మిగిలింది మామూలు రంగు: మూడింటిలో ఒకటి వచ్చింది, రెండు రాలేదు, 0.918. ఎనిమిది లాట్లలో ఇవి మూడే కాబట్టి 3/8తో గుణిస్తే 0.344. ఈ గుణకారం మరిచిపోయి, మూడు కొమ్మల ఎంట్రోపీని ఉత్తినే కూడినవాళ్ళు 1 − 0.918 = 0.082 వేసి, తేమే మొదటి ప్రశ్న అని తేల్చారు. సరైన గెయిన్ 0.656. యార్డులో వ్యాపారి చూసినట్టే, ముందు రంగు.

రెండో మెట్టు మామూలు రంగు కొమ్మలో. ఇక్కడ చాలామంది మళ్ళీ 1 నుంచి మొదలుపెడతారు. కానీ మన దగ్గర ఇప్పుడున్నది 4, 5, 6 లాట్లే. మొదలు 0.918. తేమ అడిగితే తక్కువ తేమ ఉన్న నాలుగో లాటు ఒకవైపు, మిగతా రెండూ మరోవైపు పడిపోతాయి. గెయిన్ మొత్తం 0.918, చెట్టు పూర్తి.

అయితే పట్టికలో లాట్ నంబర్ కాలమ్‌ను నేను కావాలనే ఉంచాను. దానితో విడగొడితే ఎనిమిది కొమ్మలు, కొమ్మకొక లాటు, సందేహం శూన్యం, గెయిన్ 1. లెక్క ప్రకారం అదే గెలవాలి. ఎక్కువ విలువలున్న కాలమ్ వైపు గెయిన్ మొగ్గుతుందని క్విన్లన్‌కు తెలుసు. ఆ 1986 వ్యాసంలోనే మందు కూడా రాశాడు: గెయిన్‌ను, విడగొట్టడంలోనే ఉన్న ఎంట్రోపీతో భాగించాలి. అదే గెయిన్ రేషియో. లాట్ నంబర్‌కి 8 సమాన ముక్కలు, అంటే 3 బిట్లు, 1/3 = 0.333. రంగుకి 3, 3, 2 ముక్కలు, 1.561 బిట్లు, 0.656ను భాగిస్తే 0.420. రంగు గెలిచింది.

ఇదే మందును 14 రోజుల పట్టికకు వేస్తే పనిచేయదు. రోజు పేరును కాలమ్‌గా తీసుకుంటే గెయిన్ 0.940, ముక్కలు 14, అంటే 3.807 బిట్లు. రేషియో 0.247. ఆకాశానికి 0.156 మాత్రమే. రేషియో వేసినా D1, D2 అన్న పేర్లే గెలుస్తాయి. సగటుకు తగ్గని గెయిన్ ఉన్న కాలమ్‌ల మధ్యే రేషియో పోల్చమని క్విన్లన్ పెట్టిన షరతు కూడా ఇక్కడ పనికిరాదు, రోజుదే అందరికంటే పెద్ద గెయిన్ కాబట్టి.

ఈసారి ఒక అమ్మాయి జవాబు మొదట్లోనే ఆ కాలమ్‌ను కొట్టేసి, పక్కన ఇలా రాసింది: ‘రేపు యార్డుకొచ్చే లాటుకి ఈ నంబర్లేవీ ఉండవు, కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.’ లాట్ నంబర్ భాగానికి పెట్టుకున్న రెండు మార్కులూ ఆ వాక్యానికే వేసి పేజీ తిప్పాను.