నెలనెలా మన ఖాతా నుంచి డబ్బు తీసుకోమని సంతకం పెట్టే మాండేట్ కాగితం మీద ‘క్యాన్సిల్’ గడి ఎప్పుడైనా చూశారా?

ఒడిశాలోని రాయగడలో మా పక్కింటి పిన్ని ఒక హెల్త్ ప్లాన్‌కి నెలకి 499 రూపాయలు కట్టేది. ఇంక వద్దనుకుని ఏజెంటుకి ఫోన్ చేసి చెప్పింది, అతను ‘సరేనమ్మా, ఆపేస్తాం’ అన్నాడు, అయినా ఐదో తారీఖు రాగానే మూడు నెలలు డబ్బు పోతూనే ఉంది, అంటే 1,497 రూపాయలు. పాస్‌బుక్‌లో ‘ఏసీహెచ్’ అన్న మూడక్షరాలు తప్ప ఆవిడకి ఏమీ అర్థం కాలేదు.

అసలు ఏజెంటుకి చెబితే చాలన్న నమ్మకం పాత రోజుల నుంచి వచ్చింది. 1990ల్లో ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఈసీఎస్ పద్ధతి మొదలైనప్పుడు మనం సంతకం పెట్టిన కాగితం కంపెనీకే ఇచ్చేవాళ్ళం, నెలనెలా డబ్బు అడిగేది కూడా వాళ్ళే, అందుకే ఆపడం కూడా వాళ్ళ చేతిలోనే ఉందని జనం అనుకున్నారు. తర్వాత దాని స్థానంలో, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ వాళ్ళ నాచ్ పద్ధతి వచ్చింది, పాస్‌బుక్‌లో ‘ఏసీహెచ్’ అని కనిపించేది ఇదే. ప్రతి మాండేట్‌కీ యూఎంఆర్ఎన్ అని సొంత నంబరు పడింది. ఆ మాండేట్ ఫారం పైన మూడు గడులు ఉంటాయి: క్రియేట్, మాడిఫై, క్యాన్సిల్. సంతకం పెట్టించేటప్పుడు మొదటిదే టిక్ చేస్తారు, మూడోదాని గురించి ఎవరూ నోరు విప్పరు. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: రద్దు చేయమని కంపెనీకి గానీ, డబ్బు కట్ అయ్యే బ్యాంకుకి గానీ తెలియజేయవచ్చని. ఆ ‘గానీ’ చాలా ముఖ్యం, ఎందుకంటే పిన్నితో బ్రాంచిలో మొదట ‘కంపెనీ నుంచి లెటర్ తెండి’ అనే అన్నారు.

ఫారం ఇంగ్లీషులో, కౌంటర్లో మాట ఒడియాలో, పిన్నికి వచ్చింది తెలుగు. అందుకని నేను ఇంగ్లీషులో ఆరు లైన్లు రాసిచ్చాను: ఖాతా నంబరు, కంపెనీ పేరు, 499, ఐదో తారీఖు, యూఎంఆర్ఎన్ (ఇది బ్రాంచిలో అడిగితే చెప్పారు), ఈ మాండేట్ రద్దు చేయండి అని. రెండు కాపీలు తీసి, ఒకటి వాళ్ళకిచ్చి, రెండోదాని మీద సీలూ తేదీ వేయించుకున్నాం. ఐదో తారీఖుకి పది రోజుల ముందే వెళ్ళాం, ముందు రోజు ఇస్తే ఆ నెల డబ్బు ఆగుతుందన్న నమ్మకం లేదు. కంపెనీకి కూడా అదే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపాం.

ఆ సీలు కాపీ లేకపోతే తర్వాత ఫిర్యాదుకి ఆధారం ఉండదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పథకం కింద ఫిర్యాదు చేయొచ్చు, అప్పుడు ముందుగా బ్యాంకుకి రాసినట్టు చూపించాలి.

ఒక్క జాగ్రత్త, లోన్ ఈఎంఐ మాండేట్ రద్దు చేస్తే డబ్బు కట్ అవ్వడం ఆగుతుంది గానీ బాకీ ఆగదు, పెనాల్టీ పడుతుంది. కట్టే దారి వేరేది చూసుకున్నాకే ఆ గడి జోలికి వెళ్ళండి.

తర్వాతి ఆరో తారీఖున పిన్ని పాస్‌బుక్ ప్రింట్ చేయించింది, ఏసీహెచ్ లైను లేదు. ఆ పై నెల కూడా వెళ్ళి చూసుకుంది.