అమ్మకు ఎలా చెప్పాలన్నా? గుండు మీద అపోహలు, వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా సెలూన్‌కు ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చేవారు, 41 ఏళ్లు. ఎడమ చెవికి కాస్త పైన పాపిట తీసి, జానెడు పొడవు వెంట్రుకలను నడినెత్తి మీదుగా కుడివైపుకు పరిచేవారు. ప్రతి నెలా ఒకటే మాట: "పైన ముట్టుకోకన్నా, చుట్టూ సాఫ్ చెయ్యి చాలు." మొన్న జూన్‌లో వచ్చి, హెల్మెట్ టేబుల్ మీద పెట్టి, "తీసెయ్" అన్నారు. ఆయనకు ఉన్న అనుమానాలే దాదాపు అందరికీ ఉంటాయి.

అపోహ: పక్క జుట్టు తెచ్చి కప్పితే ఎవరికీ తెలియదు.

మన అద్దం ఎదురుగా ఉంటుంది, ట్యూబ్‌లైట్ నెత్తి మీద ఉంటుంది. అద్దంలో మనకు కనబడనిది పక్కన నిలబడ్డవాడికి కనబడుతుంది. పైగా హెల్మెట్ తీయగానే చెమటకు ఆ వెంట్రుకలు పాయలు పాయలుగా అతుక్కుపోతాయి, మధ్యలో చర్మం గీతల్లా తేలుతుంది. పొడుగ్గా పెంచేకొద్దీ పలచదనం ఇంకా తెలుస్తుంది. అదే జుట్టును పొట్టిగా కోస్తే పైనా పక్కనా తేడా తగ్గుతుంది.

అపోహ: ఒకటి రెండుసార్లు గుండు గీయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది.

పిల్లల పుట్టువెంట్రుకలు తీయించినప్పటి నుంచీ వింటున్న మాటే. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు అక్కడిదాకా పోదు. సహజంగా పెరిగిన వెంట్రుక కొన సన్నగా ఉంటుంది. కోసినది మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా, బలంగా అనిపిస్తుంది, అంతే. మళ్లీ ఒత్తుగా వస్తుందనే ఆశతో గుండుకు వచ్చేవాళ్లకు నేను ముందే చెప్పేస్తాను.

అపోహ: గుండంటే ఒక్కసారి గీసేస్తే పనైపోయింది.

మా బ్యాంకు సారుకు ఆ రోజు నేను బ్లేడు పట్టలేదు. ముందు కత్తెరతో పొడుగు వెంట్రుకలు తీసి, ట్రిమ్మర్‌కు రెండో నంబర్ గార్డు పెట్టి మొత్తం ఒకే ఎత్తుకు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లకు తెచ్చాను. రెండు వారాలు అలాగే తిరగమన్నాను. ఎందుకంటే పలచబడ్డ నడినెత్తికి ఎండ ఎప్పటినుంచో తగులుతూ ఉంటుంది, ఒత్తు జుట్టు కింద ఉన్న పక్కలు తెల్లగా ఉంటాయి. ఒకేసారి గీస్తే తల రెండు రంగుల్లో కనబడుతుంది. ఈలోపు పాత దెబ్బల మచ్చలు, పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో కూడా తెలుస్తుంది. కత్తి పెట్టేవాడికి అది ముఖ్యం.

రెండోసారి గార్డు లేకుండా జీరో కొట్టి, గోరువెచ్చని నీళ్లతో తడిపి, నురుగు పట్టించి, కొత్త బ్లేడు వేసి గీశాను. (ఉస్తరాలో బ్లేడు మీ కళ్ల ముందు మార్చకపోతే లేచి వచ్చేయండి, మొహమాటపడొద్దు.) వెంట్రుక ఎటు పడుకుంటే అటే గీయాలి. సుడి దగ్గర దిశ తిరుగుతుంది, మెడ వెనక అడ్డంగా పోతుంది. నున్నగా రావాలని మొదటిసారే ఎదురు గీత గీస్తే రెండు మూడు రోజుల్లో మెడ మీద ఎర్రటి పొక్కులు లేస్తాయి. కొందరికి వెంట్రుక చర్మంలోకే వంగి పెరుగుతుంది. అలాంటివాళ్లు బ్లేడు మానేసి జీరో ట్రిమ్మర్‌తో ఆగిపోవడం మంచిది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకే పక్కల్లో నల్లగా గుర్రపు నాడాలాగా నీడ కమ్ముతుంది, నడినెత్తి మాత్రం మెరుస్తూ ఉంటుంది. బట్టతల బయటపడేది అప్పుడే. కాబట్టి వారానికి రెండు మూడుసార్లు గీసుకునే ఓపిక ఉండాలి. ఇక మన ఏప్రిల్, మే ఎండలకు టోపీ కావాలి, లేదంటే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ నెత్తికీ చెవులకూ రాసుకోవాలి.

అపోహ: అమ్మానాన్నలు ఉండగా గుండు తగదు.

దీన్ని అపోహ అని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. ఆ బ్యాంకు సారు కూడా అడిగింది ఇదే: "అమ్మకు ఎలా చెప్పాలన్నా?" నేను చెప్పేది ఒకటే, మీసం ఉంచండి. కర్మకు తీయించే గుండుకు మీసం కూడా తీసేస్తారు. మీసమో, పొట్టిగా కత్తిరించిన గడ్డమో ఉంటే చూసేవాళ్లకు ఆ అనుమానం రాదు. మహా అయితే "తిరుపతా?" అని అడుగుతారు. ఆయన తల్లి మొదట రెండు రోజులు మాట్లాడలేదట. చివరికి బ్లేడు మానేసి జీరో ట్రిమ్మర్‌కు రాజీపడ్డారు. ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నారు.

ఒక్క విషయంలో మాత్రం నేను కత్తి పట్టను. గుండ్రంగా రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడి ఉంటే అది పేనుకొరుకుడు కావచ్చు. పొలుసులు, దురద, చీము ఉన్నా, నెల రెండు నెలల్లో హఠాత్తుగా కుచ్చులుగా రాలుతున్నా అంతే. ముందు చర్మ వైద్యుడికి చూపించుకుని రమ్మంటాను. గీసేశాక జుట్టు ఎలా ఊడిందో ఆ డాక్టర్‌కు పోల్చుకోవడం కష్టమవుతుంది.