ఒక్క లంగరు, మూడొందల ఏళ్ల మట్టి

సముద్రపు గడ్డి అనగానే చాలామంది నాచు అనుకుంటారు. నాచు కాదు. దీనికి వేళ్లున్నాయి, కాండం ఉంది, నీటి అడుగునే పూలు పూస్తుంది, కాయలు కాస్తుంది. ఎప్పుడో నేల మీద బతికిన మొక్కల సంతతి మళ్లీ సముద్రంలోకి దిగి అక్కడే స్థిరపడింది. ఇందులో డెబ్బై దాకా జాతులున్నాయి గానీ నేను ఇక్కడ ఒక్కదాని గురించే చెబుతాను. అది మధ్యధరా సముద్రంలో పెరిగే పొసిడోనియా. లంగరు ఏం చేస్తుందో దీన్ని చూస్తే అర్థమైనంత స్పష్టంగా మరెక్కడా అర్థం కాదు.

ఒక ఆకును దగ్గరగా చూడండి. వేలెడు వెడల్పు కూడా ఉండదు, పొడవు మాత్రం మీటరు దాకా పెరుగుతుంది, రిబ్బన్‌లా ఉంటుంది. మొదలు దగ్గర పచ్చగా, నున్నగా ఉన్న ఆకు కొసకి వచ్చేసరికి గోధుమరంగుకి తిరిగి గరుకుగా అయిపోతుంది, ఎందుకంటే అక్కడ సన్నటి నాచు, సున్నపు గూళ్లు కట్టుకునే చిన్న చిన్న జీవులు అతుక్కుని కాపురం పెట్టేసి ఉంటాయి. వాటిని గీక్కుని తినే నత్తలు, రొయ్యలు ఆకుల మధ్యే తిరుగుతాయి. ఆ రొయ్యల కోసం చేపలు వస్తాయి. సలేమా అనే చేప ఆకునే కొరుక్కు తింటుంది, అంచు మీద అర్ధచంద్రాకారంలో పంటి గాటు కనిపిస్తే అది దాని పనే. నీటి గుర్రం ఆకుకి తోక చుట్టుకుని అలల్లో కొట్టుకుపోకుండా నిలబడుతుంది. చాలా చేపలకి పిల్లదశలో దాక్కునే చోటు ఇదే.

అసలు సంగతి మాత్రం ఆకుల కింద ఉంది. గరికలాగే దీని కాండం కూడా మట్టిలో అడ్డంగా పాకుతుంది, కానీ నిలువుగా కూడా పెరుగుతుంది. ఆకులు తగిలి వేగం తగ్గిన అలల నుంచి ఇసుక, చెత్త కిందికి దిగి మొక్క మొదట్లో పేరుకుంటాయి, అందులో కూరుకుపోకుండా కాండం పైకి జరుగుతూ ఉంటుంది. పాత కాండాలు, వేళ్లు, రాలిన ఆకుల మొదళ్ల పీచు, వీటన్నిటి మధ్య ఇరుక్కున్న బురద కలిసి గట్టి దిమ్మలా తయారవుతాయి. దీన్ని మాట్ అంటారు. లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు, పీచు కూడా గట్టిది, అందుకే కుళ్లడం చాలా నెమ్మదిగా సాగుతుంది. మొక్క నీళ్లలోంచి పీల్చుకున్న కార్బన్, దాంతోపాటు బయటినుంచి కొట్టుకొచ్చి చిక్కుకున్న కార్బన్ కూడా అలా అక్కడే ఉండిపోతాయి.

స్పెయిన్‌లోని పోర్ట్‌లిగాట్ అనే చిన్న అఖాతంలో ఈ దిమ్మ 6 మీటర్ల మందం దాకా ఉంది, అడుగు పొర వయసు సుమారు 6,000 ఏళ్లు. సగటున లెక్కేస్తే ఏడాదికి ఒక మిల్లీమీటరు.

ఇప్పుడు దీని మీద లంగరు పడిందనుకోండి. లంగరు కొక్కెం 30 సెంటీమీటర్లు దిగి పెళ్లగిస్తే, అక్కడి లెక్కన పైకి వచ్చేది 300 ఏళ్ల మట్టి. ఫ్రాన్స్‌లోని పోర్ట్-క్రోస్ దీవి దగ్గర లెక్కపెట్టి చూస్తే, చిన్న పడవ లంగరు ఒకసారి వేసి తీసినందుకే సగటున 30కి పైగా రెమ్మలు పోయాయి. పెద్ద పడవలకైతే లంగరు కంటే గొలుసే ఎక్కువ నష్టం చేస్తుంది. గాలి మారినప్పుడల్లా పడవ తిరుగుతుంది, దాంతో గొలుసు అడుగున చీపురులా ఊడ్చేస్తుంది. పడవలు కట్టుకోవడానికి అడుగుకి గొలుసుతో శాశ్వతంగా కట్టేసిన తేలే బోయాల చుట్టూ గుండ్రటి బోడి మచ్చలు పైనుంచి ఫొటోల్లో కూడా కనిపిస్తాయి.

గరిక అయితే నెలల్లో కప్పేసేది. ఇది అడ్డంగా పాకేది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. 2 మీటర్ల వెడల్పు గాడి అనుకుందాం, రెండు వైపుల నుంచీ ఏడాదికి 4 సెంటీమీటర్ల చొప్పున పాకినా పూడటానికి 25 ఏళ్లు కావాలి, అదీ పైపైన మాత్రమే. ఈలోపు తెగిన అంచు కిందికి నీరు తొలుచుకుపోతూ గాడి ఇంకా పెద్దదైపోవచ్చు. బయటపడిన పాత పీచుకి ఆక్సిజన్ తగులుతుంది, కుళ్లడం మొదలవుతుంది. అందులో కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్ అయిపోదు, కొంత వేరేచోట మళ్లీ పూడుకుపోతుంది, కానీ భద్రంగా ఉన్నది చెదిరిపోయినట్టే.

సముద్రపు అడుగును తవ్వి మట్టి తీసే డ్రెడ్జింగ్ దెబ్బ వేరే రకం. తవ్విన చోట గడ్డి ఎలాగూ పోతుంది, కానీ లేచిన బురద దూరంగా ఉన్న గడ్డికి కూడా వెలుతురు ఆపేస్తుంది. ఈ మొక్క పగలు తయారుచేసిన ఆక్సిజన్‌ని ఆకుల్లోని సన్నని గాలి గొట్టాల ద్వారా వేళ్లకు పంపుకుంటుంది, అదే వేళ్ల చుట్టూ ఉన్న బురదలోని విషపూరిత సల్ఫైడ్‌ని ఆపే కవచం. వెలుతురు తగ్గితే ఆ కవచం పలచబడుతుంది. కాండంలో దాచుకున్న పిండిపదార్థంతో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, కాబట్టి ఆకులు పచ్చగానే ఉన్నాయి కదా అని మొదటి నెలల్లో చూసి ఏమీ కాలేదనుకోవడం పెద్ద పొరపాటు. మీద 15 సెంటీమీటర్ల ఇసుక పడితే మాత్రం బతికే అవకాశం దాదాపు లేదు. గడ్డి చచ్చాక బురదను పట్టి ఉంచేది ఉండదు, నీళ్లు ఇంకా మురికిగా అవుతాయి, పక్కన మిగిలిన గడ్డి కూడా చీకట్లో పడుతుంది.

లంగరు విషయంలో తప్పించుకునే దారి సులువే. నీరు తేటగా ఉంటే పడవ మీదినుంచే తెలిసిపోతుంది, ముదురు రంగు మరకలు సాధారణంగా గడ్డి, లేతగా మెరిసేది ఇసుక. ఇసుకలో వేస్తే చాలు, గొలుసు తిరిగే మేర కూడా ఇసుకే ఉండేలా చూసుకోవాలి. లంగరు పైకి లాగినప్పుడు విడి ఆకులు రెండు మూడు అంటుకుని ఉంటే అవి అప్పటికే రాలినవి అయ్యుండొచ్చు. గోధుమరంగు పీచుతో, వేళ్లతో కాండం ముక్క వచ్చిందంటే మాత్రం కింద గాడి పడినట్టే.