తెర మీద అక్షరాలు ఎప్పుడు అడ్డొస్తాయి?

వివరణ వీడియోల్లో తరచూ కనిపించే పద్ధతి ఒకటుంది. వక్త చెబుతున్న వాక్యమే పొల్లుపోకుండా బొమ్మ పక్కన కూడా వచ్చేస్తుంది. కంటికీ చెవికీ ఒకేసారి అందిస్తే విషయం బాగా నాటుకుంటుందని చేసినవాళ్ల ఆశ. కానీ మనం చదివే వేగమూ ఎదుటి మనిషి మాట్లాడే వేగమూ ఒకటి కావు. కన్ను వాక్యం చివరికి చేరేసరికి చెవి ఇంకా మధ్యలో ఉంటుంది. ఆ రెండింటినీ కలుపుకోవడానికే మెదడు శ్రమ ఖర్చవుతుంది. పైగా అక్షరాలు చదువుతున్నంతసేపూ కన్ను బొమ్మను చూడదు.

మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ఈ విషయం మీద చాలా ప్రయోగాలు చేశారు. బొమ్మకు మాట తోడైతే విద్యార్థులు బాగా నేర్చుకున్నారు. దానికి పూర్తి వాక్యాలు కూడా చేర్చినప్పుడు వాళ్లు నేర్చుకున్నది తగ్గింది. అయితే బొమ్మలో ఆయా భాగాల పక్కనే రెండు మూడు ముఖ్యమైన పదాలు మాత్రమే పెడితే ఆ నష్టం కనిపించలేదు. వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఇచ్చే క్యాప్షన్ల సంగతి వేరు. అవి తప్పనిసరిగా ఉండాలి, కావాలంటే ఆపుకునే వీలూ ఉండాలి.

ఋతువులు ఎందుకు మారతాయో ఒక టీచర్ నలభై సెకన్లలో చెప్పే వీడియో తీసుకుందాం. టీచర్ కనిపించగానే పేరు పట్టీ, అంటే లోయర్ థర్డ్, వేయకూడదు. చూసేవాళ్లు ముందు ముఖం చూస్తారు. ఒకటి రెండు సెకన్లు ఆగి, పై వరుసలో పేరు, కింద చిన్న అక్షరాల్లో వాళ్లు చేసే పని చూపిస్తే చాలు. తీరిగ్గా రెండుసార్లు చదవగలిగినంతసేపు ఉంచి తీసేయాలి. చాలామంది ఎడిటర్ల కొలత ఇదే, ఆచరణలో నాలుగైదు సెకన్లవుతుంది. 1920×1080 ఫ్రేమ్‌లో ఎడమ, కుడి అంచుల నుంచి 96 పిక్సెళ్లు, పైనా కిందా 54 పిక్సెళ్లు వదిలితే అక్షరాలు సురక్షిత హద్దులో ఉంటాయి. క్యాప్షన్లు కూడా సాధారణంగా కిందే వస్తాయి కాబట్టి పట్టీని ఇంకాస్త పైకి జరపడం మంచిది. తెలుగులో వరుసల మధ్య ఎడం కూడా ఎక్కువ కావాలి. లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లోకి దిగిపోతాయి.

పట్టీ పూర్తిగా వెళ్లిపోయాకే బొమ్మ రావాలి. “భూమి అక్షం వంగి ఉంది” అని టీచర్ అంటున్నప్పుడు తెర మీద సూర్యుడు, భూమి, అక్షం గీత, దాని పక్కన “23.5°” మాత్రమే ఉండాలి. గీత అర సెకనులో గీసుకుని ఆగిపోవాలి. తర్వాత భూమి సూర్యుడి చుట్టూ కదలాలి, అక్షం మాత్రం ఎప్పుడూ ఒకే దిక్కు చూస్తుండాలి. పాఠమంతా ఇందులోనే ఉంది. ఇక్కడే చాలామంది భూమిని బొంగరంలా తిప్పేస్తారు, వెనక నక్షత్రాలు మెరిపిస్తారు. అవి అబద్ధం కాదు, కానీ కదిలే దాన్ని కన్ను అడక్కుండానే పట్టుకుంటుంది. గిరగిర తిరిగే భూమిని చూస్తూ, కదలకుండా ఉన్న అక్షాన్ని వదిలేస్తుంది. ఆ క్షణంలో చెప్పే విషయానికి పనికొచ్చేది ఒక్కటే కదలాలి, మిగతావి ఆగాలి. కొంచెం మసకబారితే ఇంకా మంచిది.

చివర్లో నేల మీద పడే వెలుగు చూపించాలి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటి వెలుగే, 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు రెట్టింపు నేల మీద పరుచుకుంటుంది. రెండు వెలుగు చారలు పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని రెండింతలు సాగదీస్తే సరిపోతుంది. దాని మీద “వెలుగు పలచబడింది” అన్న రెండు మాటలు చాలు, సూత్రం అక్కర్లేదు.

వీడియో పనిచేసిందో లేదో తెలియాలంటే, విషయం తెలియని ఒకరికి ఒక్కసారి చూపించి ఎండాకాలం ఎందుకొస్తుందని అడగాలి. “అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి” అంటే అది తేలిగ్గా సరిదిద్దుకునే లోపం. “అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది” అన్నారంటే తప్పు బొమ్మలోనే ఉండొచ్చు. పక్క నుంచి చూసినట్టు గీస్తే కక్ష్య సాగదీసిన కోడిగుడ్డులా కనిపిస్తుంది. నిజానికి అది దాదాపు గుండ్రమే. దగ్గరి దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, ఎక్కువ దూరం 15.2 కోట్లు. ఉత్తరార్ధగోళంలో చలికాలం నడిచే జనవరిలోనే భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది. పోనీ పై నుంచి చూపిద్దామంటే కక్ష్య గుండ్రంగా వస్తుంది కానీ అక్షం వంపు సరిగ్గా కనిపించదు. అందుకే నేనైతే కక్ష్య గీతే తీసేసి, జూన్‌లో భూమి, డిసెంబర్‌లో భూమి అని సూర్యుడికి చెరో పక్క సమాన దూరంలో రెండు బొమ్మలు పెడతాను. ఒకదాని నుంచి రెండోదానికి భూమి జరిగేటప్పుడు కూడా, దాని అక్షం తప్ప ఇంకే గీతా తెర మీద ఉంచను.