చెరువు తెలిసిన రైతుకు కెమిస్ట్రీ ఎలా ఎక్కుతుంది?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువులు చేసే ఒక రైతును ఊహించుకుందాం. వయసు నలభై అయిదు. పదో తరగతితో చదువు ఆపేసి, ఇన్నేళ్ల తరవాత ఓపెన్ స్కూల్లో ఇంటర్మీడియట్‌కు కట్టి కెమిస్ట్రీ పుస్తకం తెరిచారు. ఆమ్లాలు, క్షారాల పాఠం ఒక్కసారి చదవగానే ఆయనకు ఎక్కేసింది. మూలకాల సంకేతాలు, సంయోజకతల పట్టిక మాత్రం వారం రోజులు వల్లె వేసినా నిలవలేదు. ఇక నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ మీద ఇచ్చిన ఒక లెక్కను పూర్తి నమ్మకంతో తప్పు చేశారు. మూడూ వేరు వేరు సంగతుల్లా కనబడతాయి గాని, ఆయన బుర్రలో ముందే ఉన్న జ్ఞానం కొత్త పాఠంతో ఎలా కలుస్తోంది అన్న ఒకే ప్రశ్న దగ్గర మూడూ కలుస్తాయి. పదిహేడేళ్ల కుర్రవాడి చదువుకూ ఈయన చదువుకూ అసలు తేడా అక్కడే ఉంది.

కొత్త సమాచారాన్ని వేగంగా అందుకుని, దానితో అప్పటికప్పుడు తర్కించే శక్తి ఇరవైలు, ముప్పైల నుంచే మెల్లగా తగ్గుతుంది. పదసంపద, లోకజ్ఞానం, వృత్తిజ్ఞానం మాత్రం నడివయసు దాకా, చాలామందిలో ఆ పైన కూడా పెరుగుతూనే ఉంటాయి. రేమండ్ కాటెల్, జాన్ హార్న్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960లలోనే ఈ రెంటినీ విడదీసి చూపించారు. అయితే పెరిగే ఈ రెండోది చదువుకు ఎక్కడ పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది విడిగా తేల్చుకోవలసిన విషయం.

దాన్ని చక్కగా చూపిన పరిశోధన ఒకటి 2005లో అలాన్ కాస్టెల్ చేశారు. యువకులకు, వృద్ధులకు కిరాణా సరుకులను వాటి ధరలతో సహా చూపించి, తరవాత ఏ సరుకు ధర ఎంతో చెప్పమన్నారు. కొన్ని ధరలు బజారులో నిజంగా ఉండేవి, కొన్ని పొంతన లేనివి. పొంతన లేని ధరలను గుర్తుపెట్టుకోవడంలో వృద్ధులు బాగా వెనకబడ్డారు. బజారు ధరల విషయంలో మాత్రం యువకులతో సమానంగా నిలిచారు. ఏళ్ల తరబడి సరుకులు కొన్న అనుభవం కొత్త అంకెను పట్టి ఉంచింది. ఆ ఆసరా లేని చోట రెండు విషయాలను జతపరిచి గుర్తుంచుకునే శక్తి ఒక్కటే మిగిలింది, వయసుతో పాటు సడలేది అదే. ఆ పరిశోధనలో పాల్గొన్నవారు మన రైతు కన్నా బాగా పెద్దవారు కాబట్టి ఆయనలో ఈ తేడా అంత ఎక్కువగా ఉండదు, కాని అది మొగ్గే దిశ ఇదే.

ఇప్పుడు చెరువు దగ్గరికి వద్దాం. తెల్లవారుజామున నీటిలో పీహెచ్ తక్కువగానూ, మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు ఎక్కువగానూ ఉంటుందని ఆయనకు ఏళ్లుగా తెలుసు. ఎండ ఉన్నంతసేపూ నీటిలోని ఆకుపచ్చ నాచు కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుందనీ, ఆ వాయువు నీటిలో కరిగినప్పుడు ఆమ్లంగా పనిచేస్తుంది కాబట్టి అది తగ్గితే పీహెచ్ పెరుగుతుందనీ పుస్తకం చెప్పగానే, పదేళ్ల పరిశీలనకు కారణం దొరికినట్టయింది. తనకు తెలిసిన సంగతి పక్కన కూర్చున్నది కాబట్టే ఆ పాఠం వల్లె వేయకుండా నిలిచింది. కుర్రవాడు అదే పేరాను గాలిలో వేలాడే వాక్యంగా చదువుతాడు.

కాని ఆ చెరువు అనుభవమే లెక్కలో ఆయన్ను తప్పుదోవ పట్టించింది. మీటరు మీద 7.8 కాస్తా 8.8 అయితే ఆయన కంటికి అది ఒక్క అంకె పెరుగుదల, ఉష్ణోగ్రత 29 నుంచి 30 అయినట్టు. పీహెచ్ అలాంటి కొలత కాదు. 1909లో రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ దాన్ని సంవర్గమానంగా నిర్వచించారు, అంటే ఒక్క అంకె పెరిగితే నీటిలో హైడ్రోజన్ అయాన్ల గాఢత పదో వంతుకు పడిపోతుంది. దీని ప్రభావం అమ్మోనియాలో కనబడుతుంది. నీటిలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, NH4+ రూపం రొయ్యకు అంతగా హాని చేయదు, NH3 రూపం విషం. ఉప్పదనం తక్కువగా ఉన్న నీటిలో, 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.8 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపం వందకు దాదాపు 5 పాళ్లు. 8.8కి చేరితే అది దాదాపు 34 పాళ్లు. మొత్తం అమ్మోనియా పిసరంత కూడా పెరగకుండానే విషం ఏడు రెట్లయింది. విషరూపం ఎంత పెరుగుతుందని లెక్కలో అడిగితే, మన రైతు మాత్రం పాత అలవాటు కొద్దీ ‘కొంచెం పెరుగుతుంది’ అని రాశారు.

ఇలాంటి తప్పును మళ్లీ చదవడం ద్వారా కనిపెట్టలేం, ఎందుకంటే చదువుతున్నప్పుడు ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. లెక్క చేయకముందే జవాబు ఎంత రావచ్చో అంచనా వేసి, దాని మీద తనకెంత నమ్మకముందో కూడా కాగితం మీద రాసుకోవాలి. గట్టి నమ్మకంతో చెప్పిన జవాబు తప్పని తేలినప్పుడు, సరైన జవాబు సందేహంతో చెప్పినవాటి కన్నా బాగా నాటుకుంటుందని బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ 2001లో చూపించారు. అనుభవజ్ఞుడికి గట్టి నమ్మకాలు ఎక్కువ కాబట్టి, ఆ నమ్మకాన్ని ముందు బయటపెట్టి తరవాత దిద్దడమే మంచి పద్ధతని నా అభిప్రాయం.

సంకేతాల పట్టిక సంగతి వేరు. అక్కడ కాల్షియంకు Ca అనీ, మెగ్నీషియంకు Mg అనీ చెరువులో చల్లే సున్నం, డోలమైట్ బస్తాల ఆసరాతో కొన్ని నిలుస్తాయి. టంగ్‌స్టన్‌కు W ఎందుకో చెప్పే చెరువు అనుభవమేదీ లేదు. అలాంటివాటికి పుస్తకం మూసి, గుర్తున్నవి రాసి, తరవాత సరిచూసుకోవడమే దారి. 2006లో రోడిగర్, కార్పికీ కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, అయిదు నిమిషాల తరవాత మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి అయింది. వారం తరవాత మాత్రం పుస్తకం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారికే ఎక్కువ నిలిచింది. కాబట్టి ఆ రాత్రికి వచ్చేసిందనిపించడం ఏమీ చెప్పదు. రోజుకు పది సంకేతాలు, మర్నాడు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, పది రోజులకు మరొకసారి చూడకుండా రాయడం మేలు. ఆక్సిజన్ పడిపోతుందన్న భయంతో రాత్రంతా ఏరేటర్ల దగ్గర మెలకువగా ఉండే నెలల్లో కొత్త సంకేతాలు పెట్టుకోకపోవడం మంచిది. నేర్చుకున్నది స్థిరపడడానికి నిద్ర కావాలి, ఆ లోపాన్ని వయసు ఖాతాలో వేయడం అన్యాయం.

చివరిగా, పదో తరగతి లెక్కలు ఏమయ్యాయి? పీహెచ్ లెక్కకు ఘాతాంకాలు కావాలి. బారిక్, హాల్ 1991లో ప్రచురించిన పరిశోధనలో, బడిలో నేర్చిన బీజగణితం ఆ తరవాత కాలేజీలో పై స్థాయి గణితం చదివినవారికి దాదాపు యాభై ఏళ్ల దాకా నిలిచింది. బడిలో అంతే మంచి మార్కులు వచ్చినా గణితం అక్కడితో ఆపినవారికి అది క్రమంగా చాలావరకు పోయింది. బడిలో వచ్చిన మార్కు కన్నా, ఎన్నేళ్ల పాటు తిరిగి తిరిగి వాడారన్నదే నిర్ణయించింది. అందువల్ల పదో తరగతిలో తొంభై మార్కులు వచ్చాయన్న ధైర్యంతో ఆయన సంవర్గమానాల్లోకి నేరుగా దిగకూడదు. మొదటి రోజే పాత పుస్తకంలోని ఘాతాంకాల లెక్కలు అయిదు, ఉదాహరణలు చూడకుండా చేసి చూసుకోవాలి. మూడు తప్పితే ఆ అధ్యాయం మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఒకసారి నేర్చినది రెండోసారి తక్కువ సమయంలో వస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపించారు గనుక, అందుకు పట్టేది ఆయన భయపడినంత కాలం కాదు.