విదేశీ పార్శిల్‌కి కొరియర్ వాళ్లు అడిగే డబ్బు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు అడ్రస్‌లకు విదేశాల నుంచి కొరియర్‌లో వచ్చే పార్శిల్ మీద పన్ను లెక్క ఊళ్లో తేలదు. చెన్నై, బెంగళూరు లాంటి విమానాశ్రయాల్లోని కొరియర్ టెర్మినల్‌లో తేలుతుంది. పార్శిల్ మన గుమ్మం దాకా వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది, మనకు కనబడేది ఒక్క మొత్తమే. అపోహలన్నీ ఆ ఒక్క అంకె దగ్గరే పుడతాయి.

అపోహ: కొరియర్ అడిగిన డబ్బంతా కస్టమ్స్ డ్యూటీనే.

వాస్తవం: అందులో రెండు వేర్వేరు లెక్కలు ఉంటాయి. ఒకటి ప్రభుత్వానికి వెళ్లే సుంకం. దానికి ఆధారం బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి దాఖలు చేసే పత్రం. లక్ష రూపాయల లోపు విలువున్న మామూలు పార్శిల్‌కి కొరియర్ సంస్థ మీ పేరు మీద సాధారణంగా CBE-XIII అనే ఫారం దాఖలు చేస్తుంది. రెండోది కొరియర్ సంస్థ తన కోసం తీసుకునే రుసుము. మీ తరఫున ముందుగా సుంకం కట్టినందుకు, కాగితాలు నడిపినందుకు అడ్వాన్స్‌మెంట్ ఫీజు, డిస్‌బర్స్‌మెంట్ ఫీజు, హ్యాండ్లింగ్ ఛార్జీ అని రకరకాల పేర్లతో వేస్తారు. దీనికీ కస్టమ్స్ శాఖకూ సంబంధం లేదు. మామూలుగా ఒక కనీస మొత్తం, లేదా కట్టిన సుంకంలో కొంత శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది పడుతుంది. అందుకే చిన్న పార్శిల్‌కి ఈ ఫీజు మరీ బరువనిపిస్తుంది.

డబ్బు కట్టే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ, కొరియర్ ఇన్‌వాయిస్ రెండూ అడగండి. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప లెక్క సరిచూడలేం. సుంకం మేమే నేరుగా కడతాం, వీలుందా అని కూడా అడగండి. వీలు కల్పించే సంస్థ అయితే అడ్వాన్స్‌మెంట్ ఫీజు తప్పే అవకాశం ఉంది.

అపోహ: వస్తువు ధర మీదే పన్ను వేస్తారు.

వాస్తవం: వస్తువు ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపాక వచ్చే విలువ మీద వేస్తారు. దాన్ని అసెసబుల్ వాల్యూ అంటారు. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే కాబట్టి ఒక లెక్క పూర్తిగా వేసి చూద్దాం.

తిరుపతిలో సంగీతం నేర్చుకునే ఒకరు అమెరికా నుంచి వయోలిన్ తీగలు, సామగ్రి తెప్పించుకున్నారనుకోండి. వస్తువుల ధర 100 డాలర్లు, రవాణా 30 డాలర్లు. డాలర్ 90 రూపాయలు అనుకుందాం. వస్తువుల విలువ 9,000. రవాణా 2,700 కావాలి. అయితే విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చును వస్తువు విలువలో 20 శాతానికి మించి కలపకూడదని 2007 నాటి కస్టమ్స్ వాల్యుయేషన్ నియమాల్లో ఉంది. కాబట్టి 1,800 మాత్రమే కలపాలి. బీమాకు విడిగా లెక్క లేకపోతే వస్తువు విలువలో 1.125 శాతం, అంటే 101 రూపాయలు. మొత్తం 10,901.

ఇక రేట్లు. ఇవి వస్తువు ఏ టారిఫ్ హెడింగ్, అంటే సుంకాల పట్టికలోని ఏ వర్గం కింద చేరిందన్న దాన్ని బట్టి ఉంటాయి, బడ్జెట్లలో మారుతుంటాయి. అందుకే మీ బిల్ ఆఫ్ ఎంట్రీలో అచ్చయిన రేటే చూడాలి. ఇక్కడ లెక్క కోసం బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 10 శాతం, దిగుమతి మీద వేసే జీఎస్టీ అయిన ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. బేసిక్ 1,090 అవుతుంది. సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్ 10 శాతం, అయితే అది వస్తువు విలువ మీద కాదు, బేసిక్ డ్యూటీ మీద. అంటే 109. ఈ రెండూ విలువకు కలిపితే 12,100. ఐజీఎస్టీ ఈ 12,100 మీద పడుతుంది కాబట్టి 2,178. మూడూ కలిపి సుంకం 3,377. రేట్లను ఊరికే కూడితే 28 శాతం అనిపిస్తుంది గానీ, పన్ను మీద పన్ను పడటం వల్ల అసలు భారం దాదాపు 31 శాతం.

కొరియర్ ఫీజు 600 అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ 108. చేతిలోంచి పోయేది మొత్తం 4,085. ఇందులో జీఎస్టీ రెండుసార్లు కనబడిందని కంగారు పడక్కర్లేదు. ఒకటి వస్తువు మీద, ఇంకోటి కొరియర్ సేవ మీద.

రవాణాను 1,800 దగ్గర ఆపకుండా 2,700 మొత్తం కలిపేసి ఉంటే సుంకం సుమారు 279 రూపాయలు పెరిగేది. బిల్ ఆఫ్ ఎంట్రీలో ముందు ఆ గడి చూడండి. అమ్మినవారి ఇన్‌వాయిస్‌లో వస్తువు ధర, రవాణా విడివిడిగా లేకపోతే ఈ పరిమితి అందక, మొత్తం 130 డాలర్లూ వస్తువు ధరగానే లెక్కకు ఎక్కే ప్రమాదం ఉంది.

అపోహ: డాలర్ రేటు గూగుల్‌లో చూసిందే.

వాస్తవం: కాదు. కస్టమ్స్ బోర్డు దిగుమతుల కోసం వేరే రేటు ప్రకటిస్తుంది. నెలకు రెండుసార్లు మారే ఆ రేట్లు కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ సైట్‌లో ఉంటాయి. బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలైన నాటి రేటే చెల్లుతుంది, మీరు ఆర్డర్ పెట్టిన నాటిది కాదు.

అపోహ: గిఫ్ట్ అని రాయిస్తే 5,000 రూపాయల దాకా పన్ను ఉండదు.

వాస్తవం: ఇది పాత మాట. 2019 డిసెంబర్ నుంచి గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా వస్తువులు తెప్పించుకోవడం ఆగిపోయింది. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు. పూర్తి సుంకం కట్టి గిఫ్ట్ తెప్పించుకోవడంలో ఇబ్బంది లేదు. అమెరికాలో ఉన్న పిల్లలు ప్రేమగా ‘గిఫ్ట్, 10 డాలర్లు’ అని రాసి పంపేవి ఇక్కడ ఆగిపోతున్నాయి. అధికారికి ఆ విలువ మీద అనుమానం వస్తే దాన్ని తిరస్కరించి తానే విలువ కట్టవచ్చు. తప్పుడు విలువకు జప్తు, జరిమానా కూడా ఉన్నాయి. నిజంగానే డిస్కౌంట్‌లో కొన్నదైతే ఆర్డర్ పేజీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ రెండూ సిద్ధంగా ఉంచుకోండి. అడిగిన రోజే పంపాలి. కేవైసీ కాగితాలు ఆలస్యమైతే టెర్మినల్‌లో నిల్వ ఛార్జీ మీద పడుతుంది.

అపోహ: అన్నిటికీ 77 శాతం పన్ను.

వాస్తవం: 9804 హెడింగ్ కింద సొంత వాడకపు వస్తువులకు బేసిక్ 35, సర్‌ఛార్జ్ 3.5, ఐజీఎస్టీ 28 శాతం ఉన్న రోజుల్లో వచ్చిన అంకె అది (77.28 శాతం). తర్వాత బేసిక్ తగ్గింది. పాత వీడియోల్లోని ఈ లెక్కతో భయపడి పార్శిల్ వెనక్కి పంపేయకండి. ఇంకో సంగతి, మొత్తం సుంకం 100 రూపాయలు దాటకపోతే వసూలు చేయకూడదని కస్టమ్స్ చట్టంలోనే ఉంది.

అపోహ: ముందు కట్టేసి, తప్పుంటే తర్వాత వెనక్కి తీసుకోవచ్చు.

వాస్తవం: హెడింగ్ తప్పు పడినా, విలువ ఎక్కువ వేసినా క్లియరెన్స్ కాకముందే కొరియర్ క్లియరెన్స్ విభాగానికి మెయిల్ పెట్టి సరిచేయించడమే తేలిక దారి. ఒకసారి మదింపు పూర్తయ్యాక రీఫండ్ అడగాలంటే ముందు ఆ మదింపునే మార్పించాలి. రీఫండ్ దరఖాస్తుకు మామూలుగా ఏడాది గడువు. ఆ మార్గంలో వెనక్కి వచ్చేది సుంకమే. హ్యాండ్లింగ్ ఫీజు సంగతి కొరియర్ సంస్థతోనే తేల్చుకోవాలి.

అపోహ: కస్టమ్స్ ఆఫీసర్ ఫోన్ చేసి యూపీఐకి కట్టమంటే కట్టాలి.

వాస్తవం: సుంకాన్ని ఎవరి సొంత ఖాతాకో పంపమని కస్టమ్స్ అధికారులు ఫోన్ చేయరు. శాఖ పంపే ఉత్తరాల మీద డీఐఎన్ అనే సంఖ్య ఉంటుంది, దాన్ని కస్టమ్స్ బోర్డు సైట్‌లో సరిచూడవచ్చు. మెసేజ్‌లో వచ్చిన లింక్ నొక్కకుండా, ట్రాకింగ్ నంబర్‌ను కొరియర్ అసలు సైట్‌లో మీరే టైప్ చేసి చూడండి. అక్కడ సుంకం బాకీ కనబడకపోతే ఆ ఫోన్‌ను నమ్మకండి. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.