కురచ పలుపు: విదేశీ సహాయమంటే ఢిల్లీకి అనుమానం ఎక్కడ మొదలైంది

2025 జనవరి నెలాఖరులో హైదరాబాద్ నారాయణగూడలోని మిత్ర్ క్లినిక్ మూతపడింది. ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేకంగా 2021లో తెరిచిన ఆ క్లినిక్ ఆ తరహాలో దేశంలోనే మొదటిది. హార్మోన్ చికిత్సకు సలహా, హెచ్‌ఐవీ పరీక్ష, మానసిక వైద్యం ఒకే చోట అందించే ఆ క్లినిక్‌కు డబ్బు అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నుంచి వచ్చేది. విదేశీ సహాయాన్ని నిలిపివేస్తూ ట్రంప్ ఉత్తర్వు మీద సంతకం చేసిన కొద్ది రోజులకే అది ఆగింది. తర్వాత టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో వేరే పేరు మీద క్లినిక్‌ను మళ్లీ తెరిచారు.

క్లినిక్ మూతపడిన రెండు మూడు వారాలకే అదే సంస్థ పేరు ఇంకో రకంగా వార్తల్లోకెక్కింది. భారతదేశంలో పోలింగ్ శాతం పెంచడానికి 2.1 కోట్ల డాలర్లు కేటాయించారని, దాన్ని రద్దు చేశామని వాషింగ్టన్ ప్రకటించింది. ఆ డబ్బు ఎవరికి ముట్టిందంటూ ఢిల్లీలో అధికార, ప్రతిపక్షాలు ఒకదానినొకటి వేలెత్తి చూపుకున్నాయి. ఆ కేటాయింపు బంగ్లాదేశ్‌కు సంబంధించినదని ఒక ఆంగ్ల దినపత్రిక పత్రాలతో సహా రాసింది. అలాంటి డబ్బు భారతదేశానికి రాలేదని, ఇక్కడ ఇవ్వలేదని అమెరికా రాయబార కార్యాలయం తెలియజేసినట్లు విదేశాంగ శాఖ ఆగస్టులో రాజ్యసభకు చెప్పింది. అప్పటికే జూలై 1 నుంచి యూఎస్‌ఎయిడ్ విడి సంస్థగా లేకుండా పోయింది.

ఆయుధంతో, ఆంక్షలతో లొంగదీసుకునేది హార్డ్ పవర్ అని, ఎదుటివాడు తనంతట తానే మన వైపు మొగ్గేలా చేసుకునేది సాఫ్ట్ పవర్ అని 1990లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త జోసెఫ్ నై పేర్లు పెట్టారు. పేర్లు కొత్తవే కానీ, సహాయం ఈ రెండింటిలో ఏ గూటికి చెందుతుందన్న తగవు మన దేశంలో అంతకు పాతికేళ్ల ముందే తేలింది. అమెరికా మిగులు ధాన్యాన్ని మనకు రూపాయలకే అమ్మే వీలు కల్పించిన పీఎల్-480 చట్టం, 1956 నాటి తొలి ఒప్పందం, బడిపిల్లలకు పెట్టిన గోధుమ నూక ఉప్మా, పాలపొడి పాలు, బస్తాల మీద చేయీ చేయీ కలిపిన ముద్ర అందరికీ తెలిసినవే కనుక వాటిని ఇక్కడ మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. ఇప్పటి అనుమానానికి వేరు 1965 జూన్ నుంచి 1967 ఫిబ్రవరి దాకా సాగిన ఇరవై నెలల్లో ఉంది.

1965 జూన్ నెలాఖరుకు అప్పటిదాకా నడిచిన గోధుమ ఒప్పందం గడువు తీరింది. మళ్లీ కొన్నేళ్లకు సరిపడా ఒప్పందం కుదురుతుందని ఢిల్లీ అనుకుంది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మాత్రం అందుకు ఒప్పుకోలేదు. ఒకటి రెండు నెలలకు సరిపడా గోధుమలకు మాత్రమే అనుమతిస్తానని, ఆ అనుమతి కూడా తానే స్వయంగా ఇస్తానని పట్టుబట్టారు. వాషింగ్టన్ అధికారులు ఈ పద్ధతిని 'షార్ట్ టెథర్' అన్నారు. పశువును గడ్డి అందేంత దూరంలోనే, కానీ కురచ పలుపుతో గుంజకు కట్టేయడమన్నమాట.

కాగితం మీద చూస్తే ఇందులో ఘోరమేమీ కనిపించదు, ఎందుకంటే ఇచ్చే గోధుమలు ఇస్తూనే ఉన్నారు. అయితే గోధుమ రవాణా నెలవారీ లెక్కకు ఒదిగే పని కాదు. అనుమతి వచ్చాక అమెరికాలో సరుకు కొనాలి, ఓడలు కుదుర్చుకోవాలి, నింపాలి, మహాసముద్రాలు దాటించాలి, ఇక్కడి రేవుల్లో దించి రైలు వ్యాగన్లకు ఎక్కించాలి. దీనంతటికీ వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అనుమతి ఒక నెల ఆలస్యమైతే ఆ లోటు ఆ నెలలో తెలియదు. రెండు నెలల తర్వాత, రేవులో ఓడ కనిపించని రోజున, రేషన్ దుకాణం ముందున్న వరుసలో తెలుస్తుంది. అప్పుడు వాషింగ్టన్ ఎంత తొందరపడినా ఫలితముండదు. 1965లో వర్షాలు లేవు, 1966లో మళ్లీ లేవు, బీహార్‌లో కరువు వచ్చింది. ఓడ నుంచి నేరుగా నోటికి అన్న మాట పుట్టింది అప్పుడే. ఏ ప్రాంతంలో వాన పడిందో, ఎక్కడ పడలేదో జాన్సన్ వైట్‌హౌస్‌లో కూర్చుని లెక్క చూసేవారు.

అమెరికా వైపు వాదనను కొట్టిపారేయలేం. వాళ్ల గోదాముల్లో మిగులు తరుగుతోంది. 1966లో వాళ్ల గోధుమ పంటలో దాదాపు ఐదో వంతు మన దేశానికే వచ్చింది. భారతదేశం సొంత సేద్యం మీద శ్రద్ధ పెట్టాలని, మిగతా సంపన్న దేశాలు కూడా భారం పంచుకోవాలని జాన్సన్ కోరారు. హరిత విప్లవం ఆ ఒత్తిడి వల్లనే వచ్చిందని ఆయన సమర్థకులు నేటికీ అంటారు.

ఢిల్లీ వైపు కథ కొంచెం వివరంగా చెప్పాల్సి ఉంది, ఎందుకంటే ఆ సమర్థన సరిగ్గా ఇక్కడే తేలిపోతుంది. 1964లో ఆహార మంత్రి అయిన సి. సుబ్రహ్మణ్యం అప్పటికే కొత్త సేద్య విధానం తయారు చేసుకుంటున్నారు. రైతుకు గిట్టుబాటు ధర, మేలురకం విత్తనం, నీరున్న చోట ఎరువుల వాడకం ఆయన సొంత కార్యక్రమంలోని అంశాలే. 1965 నవంబరులో ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏవో సమావేశానికి రోమ్ వెళ్లినప్పుడు ఆయన, అమెరికా వ్యవసాయ మంత్రి ఓర్విల్ ఫ్రీమన్ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. అందులో ఢిల్లీ ఇచ్చిన హామీల్లో చాలావరకు సుబ్రహ్మణ్యం ఎలాగూ చేయదలచినవే. ఆ ఒప్పందాన్ని బయటపెట్టకుండా, డిసెంబరులో పార్లమెంటు ముందు తమ విధానంగానే ఆయన ఉంచారు. విదేశీయులు మెడ మీద కత్తి పెట్టి చేయించారన్న మాట పడితే, మంచి విధానం కూడా సభలో నిలవదని ఆయనకు తెలుసు. మరుసటి ఏడాది మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. అంటే పలుపు బిగించిన ప్రతిసారీ ఇబ్బంది పడింది సంస్కరణను వ్యతిరేకించేవారు కారు, దాన్ని సభలో భుజాన మోస్తున్న మంత్రే.

1966 మార్చిలో ఇందిరా గాంధీ వాషింగ్టన్ వెళ్లారు. జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 రూపాయలున్నది 7.50 అయింది. ఆ నిర్ణయం వల్ల దేశంలో ఆమెకు దక్కింది తిట్లే. జూలైలో మాస్కోలో, వియత్నాం మీద బాంబుదాడులు ఆపాలంటూ ఆమె సంతకం చేసిన ప్రకటన జాన్సన్‌కు కోపం తెప్పించింది. భారతదేశం అన్నది పోప్, ఐరాస ప్రధాన కార్యదర్శి అన్నదే కదా అని ఎవరో సర్ది చెప్పబోతే, వాళ్లకు మన గోధుమలు అక్కర్లేదు కదా అన్న జవాబు వాషింగ్టన్ నుంచి వచ్చిందని అప్పటి అమెరికా రాయబారి చెస్టర్ బౌల్స్ చెప్పిన కథ. బీహార్ కరువు తీవ్రమవుతున్నా ఆ శరదృతువంతా కొత్త అనుమతి రాలేదు. చివరికి డిసెంబరు ఆఖరున 9 లక్షల టన్నులకు, ఎన్నికల నెల అయిన 1967 ఫిబ్రవరిలో మరో 20 లక్షల టన్నులకు ఆమోదం దొరికింది.

గోధుమలు చివరకు వచ్చాయి. పోయిందేమిటో చూడాలంటే అదే 1966 మార్చిలో జాన్సన్ ఇందిర ముందుంచిన రెండో కానుకను చూడాలి. గోధుమల ధరను మన ప్రభుత్వం రూపాయల్లో చెల్లించేది. ఆ రూపాయలు అమెరికా పేరు మీద ఇక్కడే పేరుకుపోయేవి. వాటిలో 30 కోట్ల డాలర్లకు సమానమైన మొత్తంతో, అంటే అప్పటి మారకంలో దాదాపు 143 కోట్ల రూపాయలతో, ఇండో-అమెరికన్ విద్యా ప్రతిష్ఠానం పెడదామన్నారు. మన విశ్వవిద్యాలయాలకు, పరిశోధనకు అంత డబ్బు అప్పట్లో కలలోని మాట. అయినా అధ్యాపకులు సంతకాలు సేకరించి మరీ వద్దన్నారు, వామపక్ష సభ్యులు పార్లమెంటులో నిలదీశారు. గోధుమను నెలనెలా లెక్కగట్టి ఇస్తున్న చెయ్యి, పాఠ్యాంశాన్ని మాత్రం లెక్కగట్టకుండా ఇస్తుందా అన్నదే వాళ్ల ప్రశ్న. ప్రతిపాదన అటకెక్కింది. మరుసటి ఏడాది అమెరికా సంస్థ ఏషియా ఫౌండేషన్‌కు సీఐఏ డబ్బు అందేదని బయటపడటంతో ఆ ప్రశ్న వేసినవాళ్ల మాటే నెగ్గింది. ఆ సంస్థను 1968లో దేశం నుంచి పంపించేశారు. 1970లో, దౌత్య కార్యాలయం లేని నగరాల్లో విదేశీ సాంస్కృతిక కేంద్రాలు ఉండరాదని ప్రభుత్వం ఆదేశించింది. హైదరాబాద్‌లోని అమెరికన్ గ్రంథాలయం అలా మూతపడింది. ఇంగ్లీషు పత్రికల కోసం అక్కడికి వెళ్లే విద్యార్థికి వియత్నాంతోనూ గోధుమలతోనూ ఏ సంబంధమూ లేదు.

రూపాయల గుట్ట సంగతి 1974 ఫిబ్రవరి 18న తేలింది. అమెరికా రాయబారి డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ 1,664 కోట్ల రూపాయలకు ఒకే చెక్కు రాసి భారత ప్రభుత్వానికి ఇచ్చేశారు. అంత పెద్ద చెక్కు అంతకుముందు లేదని గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఖర్చు పెట్టలేని డబ్బు వల్ల పలుకుబడి రాకపోగా అనుమానం పెరుగుతోందని మొయినిహాన్ గ్రహించారు.

అదే రూపాయలు చడీచప్పుడు లేకుండా చేసిన పని ఒకటుంది. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ డబ్బుతో మన భాషల్లో అచ్చయిన పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. విజయవాడలోనో రాజమండ్రిలోనో అచ్చయిన తెలుగు నవల, కవితా సంపుటి షికాగో, విస్కాన్సిన్ గ్రంథాలయాలకు చేరింది అలాగే. ఇక్కడ దొరకని ప్రతి అక్కడ దొరికిందని మన పరిశోధకులు చెప్పడం కొత్త కాదు. ఉస్మానియా ఆవరణలో 1964లో వెలసిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ కూడా ఆ నిధుల మీదే నిలబడింది. ఈ రెండింటికీ ఎవరూ నెలవారీ షరతు పెట్టలేదు.

ఈ జ్ఞాపకం మోస్తున్న ఢిల్లీ ఇప్పుడు తానే దాత. 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల ఉద్యోగులకు ఇక్కడి సంస్థల్లో శిక్షణ ఇస్తోంది. ఇరుగుపొరుగు దేశాల్లో రోడ్లు, జలవిద్యుత్ కేంద్రాలు కట్టిస్తోంది. అందరికంటే ఎక్కువ సహాయం అందుకునే భూటాన్‌లో 2013 జూలైలో ఎన్నికలు జరిగాయి. అప్పటి ప్రధాని జిగ్మే థిన్లే అంతకు ఏడాది ముందు చైనా ప్రధానిని కలవడం ఢిల్లీకి రుచించలేదని అందరూ అనుకుంటున్న సమయంలో, పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు, వంటగ్యాసు, కిరోసిన్‌పై భారత్ ఇచ్చే రాయితీ ఆగిపోయింది. థింఫూలో సిలిండర్ ధర ఒక్కసారిగా పెరిగింది, థిన్లే పార్టీ ఓడిపోయింది, ఆగస్టు 1 నుంచి రాయితీ తిరిగి వచ్చింది. ఎందుకు ఆపారని అడిగినవారికి ఢిల్లీ అధికారులు ఇచ్చిన వివరణ, జూన్ నెలాఖరుకు పాత ఒప్పందం గడువు తీరిందని.